అల్యూమినియం గేటు ఎందుకు పోయింది?

ట్రాన్సిస్టర్‌లో కరెంటును ఆపి వదిలే భాగం గేటు. 1960లలో దాన్ని ఎక్కువగా అల్యూమినియంతో చేసేవారు. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో ఫెడెరికో ఫాగిన్ దాని బదులు పాలీసిలికాన్ గేటుతో చిప్‌లు చేసే పద్ధతిని నిలబెట్టారు. కారణం వేడి.

సిలికాన్ పలక మీద పలచని ఆక్సైడ్ పొర, దానిపై పాలీసిలికాన్, ఆపైన రెసిస్ట్ పూత ఉంటాయి. అతినీలలోహిత కాంతి పడిన చోట రెసిస్ట్ డెవలపర్‌లో కరిగిపోయి, గేటు ఆకారంలో మాత్రమే మిగులుతుంది. అప్పుడు హైడ్రోజన్ బ్రోమైడ్, క్లోరిన్ ప్లాస్మా, కప్పు లేని పాలీసిలికాన్‌ను తినేస్తుంది. ఆక్సైడ్‌ను చాలా నెమ్మదిగా తింటుంది కాబట్టి అక్కడ ఆపవచ్చు. ఆ తేడా చాలకపోతే పొర చిల్లుపడి కింది సిలికాన్‌లో గుంటలు పడతాయి.

తర్వాత ఆర్సెనిక్ అయాన్లను వేల వోల్టుల వేగంతో కురిపిస్తారు. ఈ వానలో గేటే గొడుగు. దానికి ఇరువైపులా మాత్రమే ఆర్సెనిక్ దిగుతుంది. సోర్సు, డ్రెయిన్ గేటు అంచులకు వాటంతటవే సరిపోతాయి. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

కానీ ఆ తాకిడికి స్ఫటికం చెదిరిపోతుంది. అణువులు మళ్లీ వరుసలో కుదిరి, ఆర్సెనిక్ వాటి మధ్య చోటు దొరకబుచ్చుకుంటేనే ఎలక్ట్రాన్లనిస్తుంది. అందుకు సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అల్యూమినియం 660కే కరుగుతుంది. సిలికాన్ 1414 దాకా తట్టుకుంటుంది. అయితే ఆ వేడి కొన్ని సెకన్లే ఉండాలి. ఎక్కువైతే ఆర్సెనిక్ గేటు కిందికి పాకి, ఆపేసిన ట్రాన్సిస్టర్‌లోనూ కరెంటు కారుతుంది.