చెర్రీ బ్లాసమ్ మార్కెట్లో తేలిన పంచాయితీ

"కార్డు మార్చేద్దాం మామా, ఇంక నావల్ల కాదు" అన్నాను.

"ముందు ఎక్కడ ఆగుతోందో చూపించు. కొనడం సంగతి తర్వాత" అన్నాడు మావాడు.

మేమిద్దరం ఇంజనీరింగ్ రోజుల నుంచీ కలిసి గేములు ఆడుతున్నాం. ఇప్పుడు మా ఇద్దరి పిచ్చీ సైబర్‌పంక్ 2077. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2020 డిసెంబరులో విడుదల చేసిన ఓపెన్ వరల్డ్ గేమ్ అది. నైట్ సిటీ అనే మహానగరం, దాని చుట్టూ బ్యాడ్‌ల్యాండ్స్ అనే ఎడారి. ఎడారిలో కారు వేసుకుని పోతుంటే నా కంప్యూటర్లో వెన్నలా నడుస్తుంది. జపాన్‌టౌన్‌లోని చెర్రీ బ్లాసమ్ మార్కెట్లోకి అడుగుపెట్టానా, నత్తి మొదలు. బొమ్మ అంగలు వేస్తూ కదులుతుంది, మౌస్ తిప్పిన కాసేపటికి తల తిరుగుతుంది.

నా మెషీన్ సంగతి చెప్పాలి. 2018లో వచ్చిన రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్. తర్వాత కొన్న ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. మానిటర్ 1080పీ. గేమ్ అనగానే గ్రాఫిక్స్ కార్డే గుర్తొస్తుంది కాబట్టి, సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి కొత్త కార్డు రేటు కూడా అడిగొచ్చాను.

మావాడు ఫోన్ తీసి ఆ గేమ్‌కు కావలసిన హార్డ్‌వేర్ పట్టిక చూపించాడు. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్, ఫాంటమ్ లిబర్టీ వచ్చిన సమయంలో కంపెనీ ఆ పట్టికను సవరించింది. 1080పీలో హై సెట్టింగ్స్‌తో ఆడాలనుకునేవాళ్లకు సిఫారసు చేసిన కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ ఉంది. అది 2019 నాటిది. దాని పక్కనే ప్రాసెసర్ వరుసలో ఉన్నది రైజెన్ 7 7800ఎక్స్3డీ. అది 2023లో వచ్చింది.

"చూశావా? కార్డేమో పాతది చాలంటున్నారు, ప్రాసెసర్ మాత్రం కొత్తది అడుగుతున్నారు. ఎందుకంటావ్?"

నాకు తెలియలేదు. మావాడి నాన్నగారిది టైలర్ షాపు. అందుకే వాడి ఉదాహరణలన్నీ అక్కడి నుంచే వస్తాయి.

"షాపులో కటింగ్ మాస్టర్ గుడ్డ కత్తిరించి ఇస్తాడు, మిషన్ మీద కూర్చున్నవాడు కుడతాడు. ఒక చొక్కా కుడుతుండగానే మాస్టర్ తర్వాతిది కత్తిరిస్తుంటాడు. రోజుకు ఎన్ని చొక్కాలు బయటికొస్తాయన్నది ఇద్దరిలో నిదానస్తుడి మీద ఆధారపడుతుంది. ప్రాసెసర్ కటింగ్ మాస్టరన్నమాట. మార్కెట్లో ఎంతమంది జనం, ఎవరు ఎటు నడుస్తున్నారు, ఏ కారు ఎక్కడ మలుపు తిరుగుతోంది, ఇప్పుడు తెరమీద ఏమేం గీయాలి అన్నీ లెక్క తేల్చి కార్డుకు పంపుతుంది. కార్డు వాటిని గీసి రంగులద్దుతుంది. ఎడారిలో జనం లేరు, కత్తిరించడానికేమీ లేదు. మార్కెట్లో వందపనులు. మాస్టర్ దగ్గరే గుడ్డ ఆగిపోతే నువ్వు లక్ష రూపాయల మిషన్ కొన్నా అది ఖాళీగా కూర్చుంటుంది."

ఉదాహరణ బాగానే ఉంది కానీ నాకు రుజువు కావాలి. డబ్బులు నావి కదా.

రుజువుకు ఒక సాయంత్రం పట్టింది. గేమ్‌ను రెండు చోట్ల సేవ్ చేశాం. ఒకటి మార్కెట్ మధ్యలో, ఇంకొకటి ఎడారి రోడ్డు మీద. వీసింక్, ఫ్రేముల పరిమితి రెండూ ఆపేశాం. అవి ఉంటే కార్డు తీరిగ్గా ఉన్నట్టు కనిపించి లెక్క తప్పుదారి పడుతుంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ పెట్టుకుని, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో, కార్డు ఎంత శాతం పనిలో ఉందో తెర మూలన కనిపించేలా చేశాం.

ఎడారిలో 78 ఫ్రేములు, కార్డు 98 శాతం పనిలో ఉంది. మార్కెట్లో 49 ఫ్రేములు, కార్డు 70 శాతం దగ్గరే ఆడుతోంది.

అసలు పరీక్ష ఆ తర్వాతిది. డీఎల్ఎస్ఎస్ అనే సదుపాయాన్ని Performance మోడ్‌లో పెట్టాడు. అప్పుడు కార్డు బొమ్మను 1920 బై 1080లో కాకుండా 960 బై 540లో గీసి, తర్వాత పెద్దది చేసి చూపిస్తుంది. అంటే గీయాల్సిన చుక్కలు నాలుగో వంతుకు పడిపోతాయి. తప్పు కార్డుదే అయితే ఫ్రేములు ఎగబాకాలి. ఎడారిలో 78 నుంచి 98కి ఎక్కాయి. మార్కెట్లో 49 కాస్తా 50 అయింది. అంతే.

"కార్డు మీద ముప్పాతిక భారం దించినా ఒక్క ఫ్రేమే వచ్చింది. కొత్త కార్డు కొన్నా ఇక్కడ నీకొచ్చేది ఆ ఒక్కటే."

తర్వాత డీఎల్ఎస్ఎస్ తీసేసి, జనం సంఖ్యను మార్చే Crowd Density సెట్టింగును High నుంచి Lowకి దించాడు. మార్కెట్ పలచబడింది, ఫ్రేములు 58కి వచ్చాయి. కార్డును ముట్టుకోకుండానే తొమ్మిది ఫ్రేములు.

నేనూ ఊరుకోలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. ప్రాసెసర్ వాడకం అరవై శాతమే ఉంది. "మరి మీ మాస్టర్ కూడా ఖాళీగానే ఉన్నాడుగా?"

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ అరవై అనేది పన్నెండు థ్రెడ్ల సగటు. గేమ్ పనంతా పన్నెండింటికీ సమానంగా పంచడం కుదరదు. కొన్ని పనులు ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే. ఆ వరుసను మోస్తున్న ఒకటి రెండు థ్రెడ్లు నిండా మునిగి ఉంటే, మిగతావి వాటికోసం ఎదురుచూస్తుంటాయి. అందుకే ప్రాసెసర్ శాతాన్ని చూసి తీర్పు చెప్పకూడదు, కార్డు శాతాన్ని చూడాలి. ఫ్రేములకు పరిమితి ఏదీ లేనప్పుడు కార్డు 95 దాటి ఉంటే అడ్డం కార్డే. దానికి బాగా కిందుంటే కార్డుకు పని అందడం లేదని అర్థం.

"సరే, ప్రాసెసర్ మారిస్తే ఎంతొస్తుంది?"

దానికీ లెక్కుంది. 49 ఫ్రేములంటే ఒక్కోదానికి సుమారు 20 మిల్లీసెకన్లు. అందులో కార్డు పనిచేస్తున్నది 70 శాతం, అంటే 14 మిల్లీసెకన్లు. మిగతా ఆరూ ఎదురుచూపు. ఆ ఎదురుచూపు పూర్తిగా పోతే 14 మిల్లీసెకన్లకో ఫ్రేము, సెకనుకు 70. అంతకుమించి ఈ కార్డుతో రాదు. ఎంత ఖరీదైన ప్రాసెసర్ పెట్టినా 70 దగ్గర గోడ ఉంటుంది కాబట్టి, మరీ పెద్దది కొనడమూ దండగే.

నా దగ్గర చివరి అస్త్రం ఒకటి మిగిలింది. 40 సిరీస్ నుంచి వచ్చిన ఆర్‌టీఎక్స్ కార్డుల్లో డీఎల్ఎస్ఎస్ ఫ్రేమ్ జనరేషన్ ఉంది. రెండు అసలు ఫ్రేముల మధ్య ఒకదాన్ని కార్డే సొంతంగా పుట్టిస్తుంది, ప్రాసెసర్‌ను అడగదు. "అది పెడితే 49 ఎనభై దాకా పోతుంది కదరా?"

పోతుందని మావాడూ ఒప్పుకున్నాడు. ఈ వాదనలో నాకు దక్కిన ఒకే ఒక్క పాయింటు అది. అయితే కథ నడిపేది ప్రాసెసరే కాబట్టి, బటన్ నొక్కితే స్పందించే వేగం ఆ 49 నాటిదే, ఇంకాస్త నిదానం కూడా. ప్రాసెసర్ ఒకచోట తటపటాయిస్తే మధ్య ఫ్రేము పుట్టించడానికి రెండో ఫ్రేమే రాదు, కాబట్టి జర్కు అలాగే ఉంటుంది. నాకు చిరాకు తెప్పిస్తున్నదే ఆ జర్కు. పైగా 2024 సెప్టెంబరులో వచ్చిన 2.13 ప్యాచ్‌తో ఎఫ్ఎస్ఆర్ 3 రూపంలో అలాంటి సదుపాయమే నా పాత కార్డుకూ అందింది. దానికోసం వేలు పోయనక్కర్లేదు.

రే ట్రేసింగ్ మాటా ఎత్తాను. అది పూర్తిగా కార్డు పని అనుకుంటాం. వెలుతురు కిరణాలు దేన్ని తాకుతున్నాయో వెతకడానికి దృశ్యం మొత్తానికి ఒక పటం లాంటిది కావాలి. కదిలే ప్రతి మనిషికీ దాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దాలి, అందులో కొంత భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. మార్కెట్లో రే ట్రేసింగ్ పెడితే ఇద్దరూ కలిసే కుంగిపోతారు.

ప్రాసెసర్‌కే మొగ్గాం. కార్డు ధరలో మూడో వంతుకు రైజెన్ 5 5600 వచ్చింది. 2600 లాగే ఆరు కోర్లు, అదే ఏఎం4 సాకెట్, కాబట్టి బోర్డూ ర్యామూ మార్చే పని లేదు. ఆరుకు ఆరే అయితే మారిందేమిటి అని మీకు అనిపించవచ్చు. ఒక్కో కోరు వేగం పెరిగింది, అది మొదటిది. పాతదాంట్లో 16 ఎంబీ ఎల్3 క్యాష్ ఉండేది, అదీ మూడేసి కోర్లకు ఎనిమిదేసి ఎంబీలుగా రెండు ముక్కలు. కొత్తదాంట్లో 32 ఎంబీ ఒకే గది, ఆరు కోర్లకూ ఉమ్మడి. జనం, వాహనాల వివరాల కోసం మాటిమాటికీ ర్యామ్ దాకా పరిగెత్తే పని చాలా తగ్గింది. ఇలాంటి గేములు దీంతో బాగా లాభపడతాయి.

బిగించడంలో జాగ్రత్తలున్నాయి. పాత బీ450 బోర్డుకు 5000 సిరీస్ ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియదు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. ముందే మార్చేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డుకే ప్రమాదం, అందుకని యూపీఎస్ మీద పెట్టి చేశాం. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి, ప్రాసెసర్ మారాక అడిగే అవకాశం ఉంది.

అన్నీ అయ్యాక మార్కెట్ సేవ్ తెరిచాం. 61 వచ్చింది. నా మొహం వాడిపోయింది. మావాడు కార్డు శాతం చూశాడు, 87. ఇంకా ఎక్కడో ఎదురుచూపు ఉందన్నమాట. బయోస్‌లోకి వెళ్లి చూస్తే, 3200 వేగంతో నడవాల్సిన ర్యామ్ 2400 దగ్గర నడుస్తోంది. అప్‌డేట్ చేసినప్పుడు పాత సెట్టింగులన్నీ చెరిగిపోయి, ర్యామ్‌కు దాని పూర్తి వేగం ఇచ్చే ఎక్స్ఎంపీ ప్రొఫైల్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాక మార్కెట్లో 68 ఫ్రేములు, కార్డు 97 శాతం. మా 70 లెక్కకు రెండు తక్కువ. నత్తి పోయింది. ఎడారిలో మాత్రం 79. ఖర్చు పెట్టినందుకు అక్కడ దక్కింది ఒక్క ఫ్రేమే.

ఈ తీర్పు నా మానిటర్‌కు సంబంధించినది. మావాడింట్లో 1440పీ మానిటర్ ఉంది. దానిమీద గీయాల్సిన చుక్కలు 1080పీ కంటే 1.78 రెట్లు. మార్కెట్లో నడిచే జనం మాత్రం అంతే, కాబట్టి ప్రాసెసర్ పని పెరగదు. నా పాత 2600నే ఆ మానిటర్‌కు తగిలించి ఉంటే 14 మిల్లీసెకన్ల కార్డు పని 20 దాటిపోయేది, అడ్డం కార్డే అయ్యేది. మీ మానిటర్ అలాంటిదైతే ముందు కార్డు కొనండి. 1080పీ అయితే డబ్బు తీసేముందు డీఎల్ఎస్ఎస్ మార్చి మార్కెట్లో ఒక్కసారి తిరిగి రండి.