ఫొటోలోని పటం: ముందు గీతలు, తర్వాతే సూత్రాలు

దీర్ఘచతురస్రానికి అర్ధవృత్తాన్ని అతికించినా, చతురస్రంలోంచి పావు వృత్తాన్ని కోసేసినా వచ్చే ఆకారాన్ని సంయుక్త పటం అంటారు. క్షేత్రమితిలో దాని వైశాల్యం, చుట్టుకొలత అడుగుతారు. వాడాల్సిన సూత్రాలు బడి పిల్లలకూ తెలిసినవే. తప్పు ఎక్కువగా దొర్లేది వాటి దగ్గర కాదు, పటాన్ని చదవడంలో. అందులోనూ ఆ పటం పుస్తకంలో కాకుండా ఫోన్‌లో తీసిన ఫొటోగా చేతికొస్తే చదవాల్సింది రెట్టింపవుతుంది.

ఒక పటాన్ని ఊహించుకుందాం. అడ్డంగా పరిచిన దీర్ఘచతురస్రం. కుడి పక్కన అర్ధవృత్తం బయటికి ఉబ్బి ఉంది. ఎడమ పక్కన అంతే అర్ధవృత్తం లోపలికి కోసేసి ఉంది. ఆ రెండు పక్కలా నిలువుగా చుక్కల గీతలున్నాయి. పటం కింద ఒక బాణం గీత, దాని మీద 27 సెం.మీ. కుడి పక్క నిలువు బాణం మీద 14 సెం.మీ. ఎడమ కోత, కుడి ఉబ్బు రెండూ అర్ధవృత్తాలేనని ప్రశ్నలో రాసి ఉంది. మొత్తం ఆకారం వైశాల్యం, చుట్టుకొలత కనుక్కోవాలి.

ముందు చూడాల్సింది 27 అనే అంకెను కాదు, దాని బాణం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో. పటంలో బాణం ఎడమ పై, కింది మూలల వరుసలో మొదలై కుడివైపు ఉబ్బు కొన దాకా వెళ్లింది. అంటే 27లో దీర్ఘచతురస్రం పొడవుతో పాటు అర్ధవృత్తం వ్యాసార్థం కూడా కలిసే ఉంది. నిలువు కొలత 14 అర్ధవృత్తానికి వ్యాసం కాబట్టి వ్యాసార్థం 7. దీర్ఘచతురస్రం పొడవు 27 − 7 = 20 సెం.మీ. పటంలో ఎక్కడా రాయని ఈ 20 మీదే లెక్కంతా నిలబడుతుంది. బాణాన్ని చూడకుండా అంకె ఒక్కటే చూసినవాళ్లు 27నే పొడవుగా తీసుకుంటారు.

ఇక వైశాల్యం. దీర్ఘచతురస్రం 20 × 14 = 280 చ.సెం.మీ. పై విలువ 22/7గా తీసుకుంటే ఒక్కో అర్ధవృత్తం ½ × 22/7 × 7 × 7 = 77 చ.సెం.మీ. కుడివైపు 77 కలిసింది, ఎడమవైపు 77 పోయింది. జవాబు మళ్లీ 280. లెక్క చేయకుండానే ఇది కనిపిస్తుంది కూడా: కుడి ఉబ్బును కోసి ఎడమ గుంటలో పెడితే సరిగ్గా పట్టేస్తుంది. ఇలాంటి రెండో దారి దొరికినప్పుడు దాన్ని వదులుకోకూడదు, జవాబును సరిచూసుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

చుట్టుకొలత దగ్గర ఆ సర్దుబాటు పనికిరాదు. పై గీత, కింది గీత చెరో 20. ఒక్కో అర్ధవృత్తపు చాపం 22/7 × 7 = 22 సెం.మీ. లోపలికి ఉన్నా బయటికి ఉన్నా చాపం పొడవు కలుస్తుందే తప్ప తీసివేయడం ఉండదు. ఎడమ మూలలో ఒక చీమను వదిలి అంచు వెంటే నడిపిస్తే అది పైగీత దాటుతుంది, ఉబ్బు చుట్టి వస్తుంది, కింది గీత మీదుగా వచ్చి గుంటలోకి దిగి బయటపడుతుంది. 20 + 22 + 20 + 22, మొత్తం 84 సెం.మీ. చీమ ఎక్కడా చుక్కల గీత మీద నడవలేదు. ఆ గీతలు ఆకారాన్ని విడదీసి చూపడానికే గాని అంచులు కావు. మామూలు 20 × 14 దీర్ఘచతురస్రం చుట్టుకొలత 68 మాత్రమే; వైశాల్యం మారకుండానే చుట్టుకొలత 16 సెంటీమీటర్లు పెరిగింది.

తప్పు జవాబును చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేయవచ్చు. 112 వచ్చిందంటే రెండు చుక్కల గీతలనూ కలిపినట్టు: 84కు రెండు 14లు తోడయ్యాయి. 98 వచ్చిందంటే 27నే పొడవుగా తీసుకున్నట్టు. 40 వచ్చిందంటే వైశాల్యంలో లాగే ఒక చాపాన్ని కలిపి, రెండోదాన్ని తీసేసినట్టు. దిద్దే ఉపాధ్యాయులకు ఈ అంకెలు ఎర్ర సిరా కంటే ఎక్కువ పని చేస్తాయి.

ఫొటో తెచ్చే చిక్కులు వేరు. పుస్తకం మీద ఫోన్‌ను ఏటవాలుగా పట్టుకుంటే దగ్గరి అంచు పెద్దగా, దూరపు అంచు చిన్నగా పడుతుంది. లంబకోణం కాస్త వాలుతుంది, అర్ధవృత్తం కోడిగుడ్డు సగంలా కనిపిస్తుంది. అందుకే తెర మీద స్కేలు పెట్టి కొలవడం, కంటి అంచనాతో రెండు భుజాలు సమానమనుకోవడం చెల్లవు. పుస్తకంలో పటాలే చాలాసార్లు కొలతకు గీయరు. భుజాలు సమానమని చెప్పేవి వాటి మీద ఉండే చిన్న అడ్డగీతలు, లంబమని చెప్పేది మూలలోని చిన్న చతురస్రపు గుర్తు. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పంపి, స్క్రీన్‌షాట్ తీసి మళ్లీ పంపిన ఫొటోలో ముందుగా మాయమయ్యేవి ఈ చిన్న గుర్తులే. చుక్కల గీత నీడ పడ్డచోట గట్టి గీతలా మారడమూ ఉంది.

దశాంశ చుక్క పోవడం ఇంకో ప్రమాదం. 1.4 కాస్తా 14 అవుతుంది. ఇక్కడ మాత్రం వంకర ఫొటో కూడా కొంత సాయం చేస్తుంది. మన పటంలో ఎత్తు పొడవులో దాదాపు సగం కనిపిస్తోంది. ఎత్తు 1.4, పొడవు 27 అయితే పటం సన్నని పట్టీలా ఉండాలి. కాబట్టి పటం రూపాన్ని కొలతగా వాడకూడదు గాని, కొలత చదవడంలో జరిగిన పెద్ద పొరపాటును పట్టుకోవడానికి వాడవచ్చు. 14, 7, 21, 28 లాంటివి కనిపిస్తే పై విలువ 22/7గా, 10, 20 లాంటివి ఉంటే 3.14గా తీసుకోవడం మామూలే, కానీ ప్రశ్నలో పై విలువ ఇచ్చి ఉంటే అదే వాడాలి.

ప్రశ్న వాక్యం ఫొటోలో పడకపోతే అసలు చిక్కు అదే. వంపుగా ఉన్న గీత అర్ధవృత్తమని పటం ఒక్కటే రుజువు చేయదు. అది అంతకంటే తక్కువ వంపున్న చాపం అయితే ఉబ్బు 7 సెం.మీ. ఉండదు, 27లోంచి 7 తీసే లెక్కే కూలిపోతుంది. ఏమి అడిగారో తేల్చేదీ వాక్యమే: కంచె, అంచు పట్టీ అంటే చుట్టుకొలత, టైల్స్, పచ్చిక, రంగు అంటే వైశాల్యం. షేడ్ చేసిన భాగం మధ్యలో రంధ్రం ఉంటే దాని చుట్టుకొలతలో రంధ్రం అంచు కూడా చేరుతుంది, వైశాల్యంలో రంధ్రం పోతుంది.

అందుకే ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ను పేజీకి సరిగ్గా పైన పట్టుకుని, ప్రశ్న వాక్యం, బాణాల కొనలు, నాలుగు మూలలూ చట్రంలో పడేలా చూసుకోండి. ఒక్క బాణం కొన కత్తిరించుకుపోయినా ఆ కొలత దేనిదో ఊహించకుండా మళ్లీ ఫొటో తీయండి.