ఫోన్‌లో అకౌంట్ నంబర్ చెబుతున్నారా? 'ఉన్‌హత్తర్' దగ్గర జాగ్రత్త

తలాబ్‌కట్టలో ఒక ఇల్లు అనుకుందాం. జెద్దాలో పనిచేసే కొడుకు డబ్బు పంపడానికి ఎక్స్ఛేంజ్ కౌంటర్ ముందు నిలబడి అమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మీ, అకౌంట్ నంబర్ బోలో" అన్నాడు. తల్లి పాస్‌బుక్ తెరిచింది. అందులో ఉన్న నంబర్ 50466979008. ఇది ఉదాహరణ కోసం రాసిన నంబరే.

ఆమె అలవాటు ప్రకారం రెండేసి అంకెలు కలిపి ఉర్దూలో చదివింది: "పచాస్, ఛియాలీస్, ఉన్‌హత్తర్, ఉనాసీ, డబుల్ జీరో, ఆఠ్." వెనక టీవీ మోగుతోంది, లైన్‌లో గరగర. కొడుకు చీటీ మీద 'ఉన్‌హత్తర్'కు బదులు 'ఇక్‌హత్తర్' పడింది. అంటే 69 కాస్తా 71 అయింది. అంకెల లెక్క మాత్రం సరిపోయింది, పదకొండుకు పదకొండు. అనుమానం రావడానికి కారణమే లేదు.

ఉర్దూలో ఒకటి నుంచి వంద వరకు దాదాపు ప్రతి సంఖ్యకూ ఒక విడి మాట ఉంది. యాభై తొమ్మిదికి ఉన్‌సఠ్, అరవై ఒకటికి ఇక్‌సఠ్. అరవై తొమ్మిదికి ఉన్‌హత్తర్, డెబ్బై ఒకటికి ఇక్‌హత్తర్. మాట చివర ఒకేలా ఉంటుంది, తేడా అంతా మొదటి చిన్న ముక్కలోనే. ఫోన్‌లో ముందుగా మింగుడు పడేది ఆ ముక్కే. పైగా ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకు ఉనాసీ అంటే 79 అని వెంటనే తట్టదు. 89 అనుకునేవాళ్లూ ఉన్నారు. 89కి మాట నవాసీ.

అయితే తెలుగులో చదివితే గొడవ ఉండదా? ఉంటుంది, కాకపోతే ఇంకో రకంగా. అదే పాస్‌బుక్‌ను పక్కింటి అక్క చదివిందనుకోండి: "యాభై, నలభై ఆరు..." ఇందులో 'నలభై ఆరు' అంటే 46 రాయాలా, నలభై వేరు ఆరు వేరు అనుకుని 406 రాయాలా? రెండూ నోటికి ఒకేలా వస్తాయి. మధ్యలో ఎంత ఆగారన్న దాన్ని బట్టే అర్థం మారుతుంది. ఉర్దూలో ఈ చిక్కు లేదు. ఛియాలీస్ అంటే నలభై ఆరే, చాలీస్ ఛే అంటే వేరే. అంటే తెలుగు జంటల్లో అంకెలు పెరిగిపోతాయి, ఉర్దూ జంటల్లో అంకెలు మారిపోతాయి. పాతబస్తీలో ఒకే ఫోన్ కాల్‌లో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి రెండు తప్పులూ ఒకే నంబర్‌లో దొర్లవచ్చు.

అందుకే రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది, నంబర్ మొదలుపెట్టక ముందే ఎన్ని అంకెలో చెప్పాలి: "మొత్తం పదకొండు అంకెలు, రాసుకో." 46 బదులు 406 రాసుకుంటే పన్నెండు వస్తాయి, అక్కడికక్కడే తప్పు దొరుకుతుంది. కానీ 69 బదులు 71 రాస్తే ఈ లెక్క పట్టుకోలేదు. దానికి రెండో జాగ్రత్త, జంటలు మానేసి ఒక్కో అంకె విడిగా చదవడం: "ఐదు సున్నా నాలుగు ఆరు." ఆగాలి. "ఆరు తొమ్మిది ఏడు తొమ్మిది." ఆగాలి. "సున్నా సున్నా ఎనిమిది."

'డబుల్', 'ట్రిపుల్' మాటలు వద్దు. 'డబుల్ జీరో'లో డబుల్ వినపడకపోతే ఒక సున్నా మాయమవుతుంది. ఉర్దూలో విడిగా చెప్పేటప్పుడు సాత్, ఆఠ్ దగ్గర, ఇంగ్లిష్‌లో అయితే ఫైవ్, నైన్ దగ్గర చెవి మోసపోతుంది. అక్కడ రెండో భాషలో కూడా ఒకసారి అనేస్తే సరి: "ఆఠ్, ఎనిమిది." రెండు భాషలు తెలిసిన ఇంటికి ఇది ఉచితంగా దొరికిన సదుపాయం.

తర్వాత విన్నవాళ్లు తిరిగి చదవాలి. చెప్పినవాళ్లే రెండోసారి చెప్పి "సమజ్ గయా?" అంటే "హా" అనే వస్తుంది, రాసుకున్నది ఏమిటో మాత్రం తెలియదు. కొడుకు చీటీ చూసి చదవాలి, తల్లి పాస్‌బుక్ మీద వేలు పెట్టి సరిచూడాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, బ్యాంకులు డబ్బు జమ చేయడానికి ప్రధానంగా చూసేది అకౌంట్ నంబర్‌నే. నంబర్ ఒక్కటే ఆధారంగా జమ చేయవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2010లోనే బ్యాంకులకు చెప్పింది. దేశంలోపల నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ ద్వారా పంపేవారికి ముందుగా పేరు చూపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి ఇవ్వాలని తర్వాత ఆదేశించింది. తెర మీద పేరు కనిపిస్తే తప్పక చూడాలి. ఆధార్ నంబర్‌కు మాత్రం కొంత రక్షణ దాని లోపలే ఉంది. పన్నెండో అంకె ముందున్న పదకొండింటి నుంచి లెక్కగట్టి పెట్టింది కాబట్టి, ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా కంప్యూటర్ ఒప్పుకోదు. మొబైల్ నంబర్‌కు అలాంటిదేమీ లేదు. తప్పు నంబర్ కూడా ఎవరిదో ఒకరిది అయి ఉండవచ్చు.

అకౌంట్ నంబర్ వెంట ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడా చెప్పాలి. అందులో పదకొండు గుర్తులు: మొదటి నాలుగు బ్యాంకు అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరు బ్రాంచివి. ఐదో గుర్తును 'ఓ' అని చదవడం చాలామందికి అలవాటు. విన్నవాళ్లు అక్షరమే కొడతారు, కోడ్ చెల్లదు. ఫోన్ లైన్ గొంతులోని సన్నని శబ్దాలను కోసేస్తుంది కాబట్టి ఎఫ్, ఎస్ ఒకేలా వినిపిస్తాయి. బి, డి, పి సంగతి చెప్పక్కర్లేదు. ఇద్దరికీ తెలిసిన ఊళ్ల పేర్లతో చెప్పుకోవచ్చు: బి ఫర్ బార్కాస్, డి ఫర్ డబీర్‌పురా, ఎఫ్ ఫర్ ఫలక్‌నుమా. జి, జె, జెడ్ మూడూ తెలుగు చెవికి దగ్గరే కాబట్టి జి ఫర్ గోల్కొండ, జె ఫర్ జహనుమా, జెడ్ ఫర్ జీబ్రా. స్పెల్లింగ్‌లో 'కె'నో 'క్యూ'నో తేలని పేర్లు మాత్రం వాడకూడదు.

ఇక వెబ్‌సైట్ అడ్రస్. అదే ఇంటి అమ్మాయి ఆన్‌లైన్ సెంటర్‌కు ఫోన్ చేసి "అన్నా, ఆధార్ సైట్ ఏది?" అని అడిగింది. "మై ఆధార్ యూఐడీఏఐ గవ్ ఇన్" అని ఆయన గబగబా చెప్పేస్తే చుక్కలు ఎక్కడ పెట్టాలో తెలియదు. అసలు అడ్రస్ ఇది:

myaadhaar.uidai.gov.in

ఇక్కడా ముందు లెక్క చెప్పాలి: "మూడు చుక్కలు, నాలుగు ముక్కలు, మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు." తర్వాత ఒక్కో ముక్క. "మైఆధార్, ఎం వై కలిపే. ఆధార్‌లో డి ముందు రెండు 'ఏ'లు, హెచ్ తర్వాత రెండు 'ఏ'లు. డాట్. యు, ఐ, డి, ఏ, ఐ. డాట్. జి, ఓ, వి. డాట్. ఐ, ఎన్. అంతే, ఇంకేం లేదు."

ఆ 'అంతే' ముఖ్యం. gov.in అనే చివర ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. దాని ముందు చుక్క ఉండాలి. చుక్క బదులు గీత పెడితే అది వేరే అడ్రస్, ఎవరైనా కొనుక్కోవచ్చు. gov.in తర్వాత వాలుగీత లేకుండా మళ్లీ డాట్ వచ్చి ఇంకో మాట ఉన్నా అది ప్రభుత్వ సైట్ కాదు. గీత ఉన్న అడ్రస్ చెప్పాల్సి వస్తే 'డాష్' అని వదిలేయకుండా 'మధ్య గీత' అనాలి. ఈమెయిల్‌లో వచ్చే అండర్‌స్కోర్‌ను 'కింద గీత' అంటే కొత్తవాళ్లకూ అర్థమవుతుంది.

పెద్దక్షరమా చిన్నక్షరమా అనేది మొదటి వాలుగీత వరకు పట్టించుకోనక్కర్లేదు. ఆ తర్వాత పట్టింపు ఉండవచ్చు. పొట్టి లింకుల్లో అయితే చాలాసార్లు ఉంటుంది. అందుకే వాలుగీతలతో బారెడు ఉన్న లింకును నోటితో చెప్పబోవద్దు. సైట్ మొదటి పేజీ అడ్రస్ చెప్పి, అక్కడ ఏ బటన్ నొక్కాలో చెప్పడం తేలిక.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ఎదుటివాళ్లు మధ్యలో ఆపి అడగలేరు. అందులో నంబర్‌ను రెండుసార్లు, రెండుసార్లూ ఒకే ముక్కలుగా చెప్పాలి. మొదటిసారి నాలుగేసి, రెండోసారి ఐదేసి విరిస్తే విన్నవాళ్లు ఇది ఇంకో నంబరేమో అనుకుంటారు. ఇక ఓటీపీ, పిన్, కార్డు వెనకున్న మూడు అంకెలు ఎంత స్పష్టంగా చెప్పగలిగినా ఎవరికీ చెప్పేవి కావు.