23 గంటల గడువు

ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చెప్పేవాళ్లకు బాగా తెలిసిన మెయిల్ ఒకటుంది. అర్ధరాత్రి దాటాక వస్తుంది. "రెస్పెక్టెడ్ సర్, నా ల్యాప్‌టాప్ పాడైపోయింది. దయచేసి ఒక వారం గడువు ఇవ్వగలరని మనవి." కింద పేరు ఉంటుంది, రోల్ నంబరు ఉండదు. ఏ ల్యాబో, ఎన్నో ప్రయోగమో ఉండదు. అబద్ధమని అనిపించకపోయినా దానికి వెంటనే జవాబివ్వడం కష్టం. ఎందుకంటే అడిగిన వారానికీ, ఆగిపోయిన పనికీ లెక్క కుదరడం లేదు.

నేను కొన్నేళ్లుగా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తున్నాను. ఇలాంటి మెయిల్స్‌లో తొంభై పాళ్లు చేసే పొరపాటు ఒక్కటే. గడువును ల్యాప్‌టాప్ రిపేరుతో కొలుస్తారు. సర్వీస్ సెంటర్‌వాడు వారం అన్నాడు కాబట్టి వారం అడుగుతారు. కానీ ల్యాబ్‌కు కావలసింది రిపోర్టు. పోయిన పనెంత, అది మళ్లీ చెయ్యడానికి ఎన్ని గంటలు పడుతుంది, అందుకు వేరే కంప్యూటర్ ఎప్పుడు దొరుకుతుంది అన్న మూడింటితోనే గడువు తేలాలి.

ఒక ప్రయోగం తీసుకుని చూద్దాం. ఈసీఈ రెండో సంవత్సరం విద్యార్థిని. ఆర్‌సీ లో-పాస్ ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ రిపోర్టు శుక్రవారం ఉదయం 10 గంటలకు ఇవ్వాలి. 1.6 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు. లెక్క ప్రకారం కటాఫ్ సుమారు 1 కిలోహెర్ట్జ్ దగ్గర రావాలి, అంటే అక్కడ అవుట్‌పుట్ ఇన్‌పుట్‌లో 0.707 వంతు ఉండాలి. బుధవారం రాత్రి పదిన్నరకు గ్రాఫ్ గీస్తుండగా ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద No Bootable Device అని వచ్చింది.

ఇక్కడ ఆ అమ్మాయి పావుగంటలో తేల్చుకోవలసింది ఒకటుంది. అసలు పవరే రాకపోతే తప్పు చార్జరుదో, బ్యాటరీదో, మదర్‌బోర్డుదో అయ్యుంటుంది. అప్పుడు ఫైళ్లు చాలావరకు డిస్కులో భద్రంగానే ఉంటాయి. డిస్కు బోర్డుకు అతికించినది కాకపోతే విప్పి, చిన్న యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలించి చూడొచ్చు. ఈ అమ్మాయిది అలా కాదు. పవర్ వచ్చింది, విండోస్ దొరకలేదు. ఇలాంటప్పుడు ఆన్ చేస్తూ F2 నొక్కి (కొన్ని కంపెనీలకు వేరే కీ ఉంటుంది) బయోస్‌లోకి వెళ్లి, డిస్కు పేరు కనిపిస్తుందా లేదా చూడాలి. కనిపిస్తే విండోస్ చెడి ఉండొచ్చు, ఫైళ్ల మీద ఆశ ఉంది. కనిపించకపోతే డిస్కో దాని కనెక్షనో పోయింది. పాత హార్డ్‌డిస్కులు పోయేముందు టకటకమని చప్పుడు చేసి హెచ్చరించేవి. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలు తరచు ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ అమ్మాయికి బయోస్‌లో డిస్కు పేరు కనిపించలేదు. తెరను ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

అంటే ఏం పోయింది? మ్యాట్‌ల్యాబ్‌లో రాసిన ప్రోగ్రామూ, సగం టైప్ చేసిన రిపోర్టూ పోయాయి. రీడింగులు పోలేదు. 100 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా తీసుకున్న 14 రీడింగులూ అబ్జర్వేషన్ బుక్‌లో ఉన్నాయి, వాటి కింద మేడమ్ సంతకం ఉంది. మెయిల్‌కు ప్రాణం ఈ మాటే. ప్రయోగం చెయ్యనివాళ్లు కూడా ల్యాప్‌టాప్ పేరు చెప్పగలరు గానీ, సంతకమున్న రీడింగులు చూపించలేరు. మళ్లీ ప్రోగ్రామ్ రాయడానికి గంటన్నర, రిపోర్టుకు రెండున్నర గంటలు, మొత్తం నాలుగు గంటల పని. కాలేజీ కంప్యూటర్ సెంటర్ క్లాసులయ్యాక రోజూ 4 నుంచి 6 దాకా దొరుకుతుంది. గురువారం రెండు గంటలు, శుక్రవారం రెండు గంటలు. శుక్రవారం సాయంత్రానికి పూర్తవుతుంది. ఒకసారి సరిచూసుకోవడానికి రాత్రి వదిలేసి శనివారం ఉదయం 9 అడిగితే చాలు.

మామూలుగా ఈ మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు. ఏ భాషలో రాసినా అందులో ఉండవలసిన విషయం ఇది:

విషయం: ఈసీఈ రెండో సంవత్సరం, బీ సెక్షన్, సర్క్యూట్స్ ల్యాబ్ 6వ ప్రయోగం. శనివారం ఉదయం 9 వరకు గడువు కోసం.

"మేడమ్, నమస్కారం. నేను మంగళవారం బ్యాచ్ విద్యార్థిని. నా రోల్ నంబరు కింద ఇచ్చాను. ఈ రాత్రి 10:30కు నా ల్యాప్‌టాప్ ఆగిపోయింది. బయోస్‌లో డిస్కు కనిపించడం లేదు, ఫొటో జతచేశాను. మ్యాట్‌ల్యాబ్ ప్రోగ్రామ్, రిపోర్టు అందులోనే ఉన్నాయి. వేరే చోట కాపీ పెట్టుకోకపోవడం నా పొరపాటే. మీరు సంతకం చేసిన 14 రీడింగుల పేజీ ఫొటో కూడా పంపుతున్నాను. గురు, శుక్రవారాల్లో 4 నుంచి 6 దాకా కంప్యూటర్ సెంటర్‌లో కూర్చుని పూర్తిచేస్తాను. శనివారం ఉదయం 9 వరకు అనుమతి ఇవ్వగలరా? వీలుకాదంటే శుక్రవారం 10కే సెమీలాగ్ షీటు మీద చేత్తో గీసిన గ్రాఫ్‌తో రిపోర్టు ఇస్తాను."

చివరి వాక్యం గురించి కొంచెం చెప్పాలి. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్‌కు కంప్యూటర్ తప్పనిసరి కాదు. సెమీలాగ్ షీటు మీద 14 చుక్కలు పెట్టి కలిపితే కటాఫ్ దాదాపుగా తెలిసిపోతుంది. ఆ మాట రాసిన విద్యార్థినికి విషయం అర్థమైందని మేడమ్‌కు తెలుస్తుంది, కాదనే స్వేచ్ఛా ఆమెకు మిగులుతుంది. ఆ స్వేచ్ఛ అవసరం, ఎందుకంటే నిర్ణయం పూర్తిగా ఆమె చేతుల్లో ఉండదు. ఒక రోజు ఆలస్యాన్ని ఆమె సర్దగలదు. ఇంటర్నల్ మార్కులు ఎక్కించే తేదీనీ, ఎక్స్‌టర్నల్ పరీక్షనూ జరపలేదు. ఒకరికి వారమిస్తే, సమయానికి ఇచ్చిన మిగతా బ్యాచ్‌కు జవాబు చెప్పుకోవాలి.

ఈ మెయిల్ బుధవారం రాత్రి 11:15కు వెళ్లింది. గడువుకు ముందే వెళ్లడం వల్ల అది అభ్యర్థన అయింది. అదే మెయిల్ శుక్రవారం 10:05కు వెళ్లి ఉంటే సంజాయిషీ అయ్యేది. అనుమతి వచ్చాక పూర్తయిన పీడీఎఫ్‌ను అదే మెయిల్‌కు జవాబుగా పంపాలి, పంపేముందు ఫోన్‌లో తెరిచి చూసుకోవాలి. కావాలనే తెరుచుకోని ఫైలు పంపి రెండు రోజులు సంపాదించే పద్ధతి ల్యాబుల్లో అందరికీ తెలుసు. ఫైలు తెరుచుకోకపోతే ముందు పడేది ఆ అనుమానమే.

రిపేరు షాపుకు వెళ్లినప్పుడు ముందే "డేటా కావాలి, ఫార్మాట్ కొట్టొద్దు" అని చెప్పండి, బిల్లు మీద రాయించండి కూడా. చాలా షాపుల్లో విండోస్ మళ్లీ ఎక్కించడమే మొదటి వైద్యం, దానితో పాత ఫైళ్లు పోతాయి. ఇంకొకటి, డిస్కు బాగున్నా బిట్‌లాకర్ తాళం పడి ఉంటే 48 అంకెల రికవరీ కీ లేనిదే ఫైళ్లు తెరుచుకోవు. ఎక్కువమందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే ఆ కీని చూసి అబ్జర్వేషన్ బుక్ చివరి పేజీలో కాకుండా, ఇంట్లో భద్రమైన చోట కాగితం మీద రాసిపెట్టుకోండి.