గొంతు తగ్గని నేను

2020 మార్చి 25, ఉగాది. వచ్చిన సంవత్సరం శార్వరి, అంటే రాత్రి. ముందురోజు అర్ధరాత్రి నుంచే దేశమంతటా లాక్‌డౌన్. హైదరాబాద్‌లో మా ఇల్లు బస్సులు తిరిగే రోడ్డు మీదే ఉంటుంది. ఆ ఉదయం ఒక్క హారన్ లేదు. ఎక్కడో కోయిల కూస్తోంది.

"ఎంత గట్టిగా కూస్తోందో విన్నారా!" అన్నాను.

"దానికంటే నువ్వే గట్టిగా అరుస్తున్నావు నాన్నా" అంది మా అమ్మాయి.

చుట్టూ మోత ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఈ సంగతిని 1911లో ఎటియన్ లాంబార్డ్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు వివరించాడు. మాట్లాడుతున్న మనిషి చెవిలో మోత వినిపిస్తే గొంతు పెరిగేది, ఆపితే తగ్గేది. పెంచానన్న సంగతి ఆ మనిషికే తెలిసేది కాదు. అందుకే దీన్ని లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు.

పక్షులకూ ఇదే వర్తిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో తెల్లచారల తల ఉన్న ఒక రకం పిచ్చుకల పాటను ఎలిజబెత్ డెరీబెర్రీ బృందం ఏళ్లుగా రికార్డు చేస్తోంది. 2020 వసంతంలో అక్కడి గోల్డెన్ గేట్ వంతెన మీద రాకపోకలు 1950ల నాటి స్థాయికి పడిపోయాయి. పిచ్చుకలు గొంతు పెంచాయనే జనం అనుకున్నారు. నిజానికి అవి తగ్గించాయి. మోత అంతకంటే ఎక్కువ తగ్గింది కాబట్టి ఆ పాట రెండింతల దూరం వినిపించింది.

మరి నా గొంతు? మూడు వారాలైనా తగ్గలేదు. ఇన్నాళ్లూ రోడ్డు మీదికి నెట్టేసిన నేరం ఇప్పుడు ఎవరిదో తేల్చుకోవాలనిపించింది. ఒక రాత్రి భోజనాల దగ్గర ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, మర్నాడు ఒక్కణ్నే కూర్చుని విన్నాను. ఇరవై నిమిషాల్లో మా ఆవిడ ఆరుసార్లు మాట మొదలుపెట్టింది. నాలుగుసార్లు ఆ మాట నా గొంతు కింద పడి ఆగిపోయింది. ఒకసారి "అది కాదండీ..." అని, ఇక చాలించుకుని, గిన్నె జరిపిన చప్పుడు. ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది.

పిచ్చుక మోతకు బదులుగా గొంతు పెంచింది, మోత పోగానే దించింది. నాది అలాంటిది కాదు. ఎదుటివాళ్ల మాట మొదలు కాకుండా వేసిన గొళ్లెం అది. రోడ్డు మోత ఉన్నన్నాళ్లూ దాని చాటున దాక్కుంది.

సెప్టెంబర్ ఆఖర్లో సిటీ బస్సులు మళ్లీ తిరిగాయి. ఆ సాయంత్రం మా ఆవిడ మెల్లగా ఏదో చెప్పబోయింది. కింద బస్సు బ్రేకు వేసింది, ఏమీ వినపడలేదు. నేను లేచి కిటికీ మూసి, వచ్చి కూర్చున్నాను.