టీవీలో ఎక్సెల్ అలుక్కుపోతే

మీటింగ్ గదిలో 55 అంగుళాల టీవీ. విండోస్ ల్యాప్‌టాప్‌లో Win+K నొక్కి వైర్ లేకుండా కలిపారు. ఎక్సెల్ షీటు కనిపించింది గానీ అంకెలు అలుక్కుపోయాయి, కింద టాస్క్‌బార్ సగం తెగింది.

తెగడానికి కారణం ఓవర్‌స్కాన్. పాత ట్యూబు టీవీల నాటి అలవాటు కొద్దీ టీవీ బొమ్మను కాస్త సాగదీసి అంచులు కోసేస్తుంది. ఆ సాగదీతలో అక్షరాలూ చెదురుతాయి. పిక్చర్ సెట్టింగుల్లో Just Scan, Fit to Screen వంటి పేరుతో ఉన్నదాన్ని ఆన్ చేస్తే సరి. షార్ప్‌నెస్ కూడా తగ్గించాలి. ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్లటి గీత తేలుతుంది.

ఇంకా మసకగా ఉంటే ల్యాప్‌టాప్‌ను చూడాలి. దాని తెర 1920×1200 అయితే, టీవీ నిష్పత్తి వేరు కాబట్టి Duplicate పొసగదు. Win+P నొక్కి Extend ఎంచుకుని, టీవీకి 1920×1080, స్కేల్ 150% పెడితే వెనక కుర్చీలోవాళ్లూ చదవగలరు.

మౌస్ కదిలాక బాణం ఆలస్యంగా కదులుతోందా? టీవీలో గేమ్ మోడ్ పెట్టి, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాలి. బొమ్మను కుదించి పంపడానికి పట్టే సమయం మాత్రం మిగిలే ఉంటుంది. స్లైడ్లకు అది అడ్డు కాదు. టీవీ చూస్తూ టైపు చేయాలంటే హెచ్‌డీఎంఐ కేబులే మేలు.