లేఖా రచన: కళాశాలలో మానసిక సలహాదారు కోసం పత్రికా సంపాదకునికి లేఖ

మిత్రునికి రాసే లేఖను మిత్రుడొక్కడే చదువుతాడు. పత్రికా సంపాదకునికి రాసే లేఖలో సంబోధన సంపాదకునికే అయినా, చదివేవారు మాత్రం వేలమంది. వారిలో విద్యార్థుల తల్లిదండ్రులు, కళాశాల యాజమాన్యం, జిల్లా అధికారులు కూడా ఉంటారు. కనుక ఈ లేఖలో సమస్య ఏమిటో, దానిని ఎవరు ఏ విధంగా పరిష్కరించగలరో స్పష్టంగా కనిపించాలి. కళాశాలలో విద్యార్థులకు మానసిక సలహా సౌకర్యం కావాలని కోరుతూ ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకరు రాసిన లేఖ ఏ విధంగా రూపుదిద్దుకొన్నదో పరిశీలిద్దాం.

ఆమె మొదటి ప్రతి ఇలా ఉన్నది: “నేటి పోటీ ప్రపంచంలో విద్యార్థులు తీవ్రమైన ఒత్తిడికి లోనవుతున్నారు. ప్రభుత్వం వెంటనే తగిన చర్యలు తీసుకోవాలి. అన్ని కళాశాలలలో కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలి.”

ఈ వాక్యాలలో తప్పేమీ లేదు. అయితే వీటిని కాదనేవారూ ఉండరు, చదివి కదిలేవారూ ఉండరు. ప్రభుత్వమంటే ఏ అధికారి? తగిన చర్య అంటే ఏది? ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మన ప్రాంతంలో కౌన్సెలింగ్ అనగానే అందరికీ ముందుగా స్ఫురించేది ఎంసెట్ తరువాత జరిగే సీట్ల కేటాయింపు. ఆ పరీక్ష పేరు మారినా ఈ మాట అర్థం మారలేదు. అందువల్ల మలి ప్రతిలో ఆమె “మానసిక సలహాదారు” అనే మాటను వాడి, ఆ సలహాదారు చేసే పని ఏమిటో ఒక వాక్యంలో చెప్పింది.

తరువాత ఆమె తన కోరికకు ఆధారం వెదికింది. 2023 జూలైలో విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న 17 సంవత్సరాల విద్యార్థిని మరణించింది. ఆమె తండ్రి న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ వ్యాజ్యంలో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ కొన్ని మార్గదర్శకాలను నిర్దేశించింది. తగిన చట్టం వచ్చేవరకు వీటిని పాటించాలని ఆదేశించింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ శిక్షణ పొందిన సలహాదారును గాని, మనస్తత్వ నిపుణుని గాని, సామాజిక కార్యకర్తను గాని కనీసం ఒకరిని నియమించుకోవాలన్నది వాటిలో ఒకటి. వంద లోపు ఉన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. వీటి అమలును చూడడానికి ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణ సంఘం ఉండాలి. దీనితో లేఖకు ఒక చిరునామా దొరికింది. “ప్రభుత్వం” అన్న చోట “కలెక్టరు అధ్యక్షతన గల సంఘం” అని రాయవచ్చు. దయచూపమని వేడుకొనే లేఖ, ఆదేశాన్ని అమలు చేయమని అడిగే లేఖగా మారింది.

ఇక మాటల ఎంపిక. ఈ విషయంలో తెలుగు పత్రికల అలవాటు ఒకటి గమనింపదగినది. “ఆత్మహత్యకు పాల్పడ్డాడు” అని రాయడం పరిపాటి. దొంగతనానికి పాల్పడడం, మోసానికి పాల్పడడం వంటి ప్రయోగాలలో చూస్తే, ‘పాల్పడు’ అనే క్రియ నేరాన్ని సూచిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని, సాధారణంగా అతనిని శిక్షించరాదని చెబుతున్నది. చట్టం మానినా భాష ఇంకా మానలేదు. “మరణించాడు”, “ప్రాణం కోల్పోయాడు” అంటే సరిపోతుంది. మరణించిన తీరును వివరించకూడదు. అటువంటి వివరాలు అదే బాధలో ఉన్న మరొకరికి హాని చేయవచ్చు. భారత పత్రికా మండలి 2019లో పత్రికలకు ఇచ్చిన సూచనలలో కూడా ఈ జాగ్రత్త ఉన్నది.

స్నేహితురాలి అనుభవాన్ని చెప్పదలచుకొన్నప్పుడు ఆమె అనుమతి తీసుకోవడం, పేరు విడిచిపెట్టడం తప్పనిసరి. చిన్న ఊరిలో పేరు చెప్పకపోయినా, ఏ గ్రూపో ఏ వీధో చెబితే చాలు, మనిషిని గుర్తుపడతారు. ఈ విద్యార్థిని ఆ వివరాలను కూడా తొలగించింది.

ఇప్పుడు లేఖను చదవండి.

తెనాలి,
17-11-2025.

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

విషయం: జూనియర్ కళాశాలలలో మానసిక సలహాదారుల నియామకం.

ఆర్యా,

నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాలలో సుమారు 900 మంది విద్యార్థులం ఉన్నాం. వంద మందికి మించిన ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన మానసిక సలహాదారు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఆదేశించింది. మా కళాశాలలో నేటికీ ఎవరూ లేరు. మన జిల్లాలో ఏయే కళాశాలలు సలహాదారులను నియమించుకొన్నాయో పరిశీలించి, ఆ జాబితాను కలెక్టరు గారి అధ్యక్షతన గల సంఘం ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

సెప్టెంబర్ త్రైమాసిక పరీక్షల రోజులలో వసతిగృహంలో నా గదిలో ఉండే స్నేహితురాలు మూడు వారాలపాటు సరిగా నిద్రపోలేదు. భోజనశాలకు రావడం తగ్గించింది. “నేను లేకపోతే ఇంట్లోవాళ్లకు భారం తగ్గుతుంది” అని ఒక రాత్రి అన్నది. ఆ మాటకు అర్థమేమిటో, ఎవరితో చెప్పాలో మాకు తెలియలేదు. విద్యార్థుల బాధలు వినే బాధ్యత మా కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకులదే. ఆయన మంచివారు. కాని మా ప్రయోగాల రికార్డుపై సంతకం చేసేది, హాజరు తగ్గితే ఇంటికి కబురు చేసేది కూడా ఆయనే. అందుచేత ఆమె ఆయన వద్దకు వెళ్లడానికి ఒప్పుకోలేదు. చివరకు మేమే ఆమె తండ్రికి ఫోన్ చేశాం. ఆయన వచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించారు. ఆమె ఇప్పుడు కోలుకొని తరగతులకు వస్తున్నది. ఈ సంగతిని ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

మానసిక సలహాదారు మార్కులు వేయరు, మందులు ఇవ్వరు. చెప్పింది విని, దారి చూపి, అవసరమైతే వైద్యుని వద్దకు పంపుతారు. అటువంటి వ్యక్తి మా కళాశాలలో ఉండి ఉంటే, మేము మొదటి వారంలోనే వెళ్లి ఉండేవాళ్లం. నియామకం జరిగేలోగా కనీసం టెలీ మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416ను ప్రతి వసతిగృహంలోనూ పెద్ద అక్షరాలతో రాయించవలసిందిగా కళాశాల యాజమాన్యాలను కోరుతున్నాను. ఇది కూడా ఆ తీర్పులో ఉన్నదే.

భవదీయురాలు,
క.ఖ.గ.,
ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం.

లేఖలోని రెండవ పేరాను మరొకసారి చూడండి. లేఖకు బలం అక్కడే ఉన్నది. అధ్యాపకుని ఆమె నిందించలేదు; “ఆయన మంచివారు” అన్నది. లోపం మనిషిలో కాక ఏర్పాటులో ఉన్నదని రికార్డు మీది సంతకం ఒక్కటే తెలియజేస్తున్నది. తన మార్కులను, హాజరును చూసే వ్యక్తి ముందు ఏ విద్యార్థి కూడా మనసు విప్పడు. సలహాదారుకు చెప్పిన మాట ఆ గది దాటి వెళ్లదన్న నమ్మకం ఉండాలి. దీనికి మినహాయింపు ప్రధానంగా ప్రాణాపాయం ఉన్నప్పుడే. అప్పుడు కుటుంబానికి గాని, వైద్యునికి గాని తెలియజేస్తారు. ఈ సంగతిని మంచి సలహాదారు మొదటి సమావేశంలోనే చెబుతారు. గది ఎక్కడ ఉన్నదన్నది కూడా చిన్న విషయం కాదు. ప్రిన్సిపాల్ గది పక్కన, అందరూ కూర్చొనే వరండాలో ‘సలహా కేంద్రం’ అని బోర్డు పెడితే, లోపలికి అడుగు పెట్టేవారు అరుదు.

స్నేహితురాలి స్థితిని లేఖ వర్ణించిన తీరు కూడా గమనించండి. “తీవ్ర మనోవేదన” వంటి పెద్ద మాట ఎక్కడా లేదు. నిద్ర తగ్గడం, భోజనం మానడం, తాను భారమన్న మాట: ఈ మూడే ఉన్నాయి. పరీక్షల ముందు ఒకటి రెండు రోజులు నిద్ర పట్టకపోవడం సహజం. అది రెండు వారాలు దాటినప్పుడు, ఆకలి, చదువు, స్నేహాలు కూడా దానితోపాటు తగ్గుతున్నప్పుడు నిపుణుని సహాయం అవసరమని గుర్తించాలి. తాను లేకపోతే మేలన్న మాట వినిపిస్తే రెండు వారాలు కూడా ఆగరాదు. ఆ రోజే ఒక పెద్దవారికి చెప్పాలి, ఆ వ్యక్తిని ఒంటరిగా విడువరాదు.

ఈ లేఖకు సమాధానం రాసేవారు ఏమనవచ్చు? “900 మందికి ఒక్క సలహాదారు ఏపాటి?” అనవచ్చు. ప్రశ్న సబబైనదే. ఒక సమావేశానికి ముప్పావు గంట పడుతుందనుకొందాం. రోజుకు ఐదు చొప్పున, నెలకు 22 పనిదినాలలో 110 సమావేశాలు జరుగుతాయి. ఒక్కొక్క విద్యార్థికి నాలుగుసార్లు కలవడం అవసరమైతే నెలకు 27 మందిని మాత్రమే చూడగలరు. పరీక్షల నెలలో ఇది చాలదు. అందుకే ఆ తీర్పు సలహాదారుతో ఆగలేదు. బోధకులకు, సిబ్బందికి సంవత్సరానికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. కష్టంలో ఉన్న విద్యార్థిని గుర్తించి సలహాదారు వద్దకు పంపగలిగితే అధ్యాపకుని పాత్ర నెరవేరినట్లే. విద్యార్థిని ఈ లెక్కను లేఖలో చేర్చలేదు. చేర్చి ఉంటే లేఖ పెరిగిపోయి, అసలు కోరిక మరుగున పడేది.

రూపానికి సంబంధించి రెండు మాటలు. పైన స్థలం, తేదీ. తరువాత సంబోధన, విషయం. చివర ‘భవదీయుడు’ లేదా ‘భవదీయురాలు’ ఉండాలి. పరీక్షలో జవాబుపత్రంపై అసలు పేరు రాయరాదు గనుక క.ఖ.గ. వంటి అక్షరాలను వాడతారు. పత్రికకు నిజంగా పంపేటప్పుడు మాత్రం పేరు, చిరునామా సంపాదకునికి తెలియజేయాలి. పేరు ప్రచురించవద్దని విడిగా కోరవచ్చు. స్థలం చాలనప్పుడు సంపాదకులు లేఖలను కుదిస్తారు. సాధారణంగా కత్తెర పడేది చివరి పేరాల మీదనే. ఈ విద్యార్థిని తన కోరికను మొదటి పేరాలోనే ఉంచింది.